బాట్ ప్రాస కట్టిన రాత్రి: నా అనుభవం

నవంబరు 13, రాత్రి 12:50. కస్టమర్ సపోర్టు నుంచి ఫోను వచ్చింది. అక్కడ రాత్రి విధుల్లో ఉండే పెద్దావిడ ఎప్పుడు ఫోను చేసినా ముందు "భోజనం చేశావా అమ్మా" అని అడుగుతారు. ఆ రాత్రి అడగలేదు.

"అమ్మా, మన చాట్‌బాట్‌కు ఏదో అయింది. సూర్యాపేటలో ఒకావిడ ఇద్దరు పిల్లలతో రోడ్డు పక్కన నిలబడి బస్సు ఎక్కడుందని అడుగుతుంటే, అది పద్యం చెబుతోంది. నువ్వే చూడు" అన్నారు.

మాది బస్సు టికెట్లు అమ్మే సంస్థ. రాత్రి బస్సులు ఎక్కే ప్రయాణికుల ప్రశ్నల్లో చాలా భాగానికి తెలుగులో జవాబు చెప్పేది ఈ చాట్‌బాటే. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు దాని బాగోగులు చూసుకోవడం నా పని. వెంటనే ఆ సంభాషణ తెరిచాను. ఆవిడ రాసింది ఇది: "12:40కి రావాల్సిన విజయవాడ బస్సు ఇంకా రాలేదు. పిల్లలతో ఉన్నాను. ఎక్కడుందో చెప్పండి." దాని కింద బాట్ జవాబు:

"చల్లని రాత్రి, చక్కని దారి,
సూర్యాపేట చేరును మీ సవారి."

ఆవిడ మళ్లీ అడిగారు. మళ్లీ రెండు పాదాలే వచ్చాయి. అందులోనూ సమయం లేదు. బస్సు 40 నిమిషాలు ఆలస్యమని, 1:20కి సూర్యాపేట చేరుతుందని మా సర్వర్‌కు తెలుసు. ఆ సమాచారం బాట్ చేతికి అందిందని కూడా లాగ్‌లో కనిపిస్తోంది. చేతిలో ఉన్న సమాధానాన్ని పక్కన పెట్టి, పాదం చివర అక్షరం కలపడమే పనిగా పెట్టుకుంది. ఆ రెండు పాదాల్లో 1:20కి చోటు దొరకలేదు.

ముందు ఆ తల్లికి ఫోను చేసి బస్సు సమయం చెప్పమని సపోర్టు ఆవిడను కోరాను. "చేస్తున్నానమ్మా, నువ్వు దాని సంగతి చూడు" అని పెట్టేశారు. మరో పది సంభాషణలు తెరిచాను. అన్నీ అలాగే ఉన్నాయి. టికెట్టు రద్దు గురించి అడిగినా, సామాను బరువు గురించి అడిగినా, ఫోను ఛార్జింగ్ ఉంటుందా అని అడిగినా ఒకే తీరు: రెండు పాదాలు, చివర ప్రాస. మన పద్యాల్లో ప్రాస అంటే పాదంలోని రెండో అక్షరం కలవడం. ఇది కడుతున్నది అంత్యప్రాస, చిన్నపిల్లల గేయాల్లో వినిపించేది.

ఇటువంటప్పుడు మొదట వేసుకునే ప్రశ్న ఒకటే: ఏమి మారింది? మేము వాడే భాషా మోడల్ బయటి సంస్థది. వాళ్లు కొత్త రూపాన్ని పెట్టారేమోనని చూశాను. మోడల్ పేరు, తేదీతో సహా నిన్నటిదే. ఆ రోజు మా వైపు నుంచి కొత్త కోడ్ ఏదీ సర్వర్‌కు వెళ్లలేదు. బాట్‌కు శాశ్వతంగా ఇచ్చే సూచనల పాఠం అక్షరం కూడా మారలేదు. "చిన్న వాక్యాల్లో, స్పష్టంగా, గౌరవంగా జవాబివ్వు" అనే అందులో ఉంది. జవాబుల్లో ఎంత వైవిధ్యం ఉండాలో నిర్ణయించే టెంపరేచర్ విలువ ఎప్పటిలాగే 0.2. దాన్ని సున్నాకు దించి అడిగి చూశాను. అప్పుడూ ప్రాసే వచ్చింది. కాబట్టి ఇది యాదృచ్ఛికంగా జరుగుతున్నది కాదు. బాట్‌కు అందుతున్న పాఠంలోనే ఏదో దాన్ని అటు నడిపిస్తోంది.

ఎవరో ప్రయాణికుడు సరదాకు "కవితలో చెప్పు" అని అడిగి ఉంటారని, ఆ సంభాషణ పొరపాటున ఇతరుల సంభాషణల్లో కలిసిపోతోందని అనుమానం వచ్చింది. అదే నిజమైతే చాలా పెద్ద సమస్య. ఒకరి వివరాలు మరొకరికి చేరుతున్నట్టే. గుండె వేగంగా కొట్టుకుంది. కొత్త సెషన్ తెరిచి, మొదటి ప్రశ్నగా "నమస్కారం" అని మాత్రమే రాశాను. దానికీ ప్రాసలోనే జవాబు వచ్చింది. మరెవరి సంభాషణా ఇందులోకి రాలేదని సెషన్ నిల్వలో చూసి రూఢి చేసుకున్నాక ఊపిరి పీల్చుకున్నాను.

ఆ తర్వాత నలభై నిమిషాలు తప్పుదారిలో వెళ్లాను. ఎలా వెళ్లానో చెప్పాలంటే బాట్‌కు ప్రశ్న ఎలా చేరుతుందో చెప్పాలి. ప్రయాణికుడి ప్రశ్న నేరుగా మోడల్‌కు వెళ్లదు. దానికి ముందు శాశ్వత సూచనలు చేరతాయి. తర్వాత "ఇటువంటి ప్రశ్నకు మనం ఇలా జవాబిస్తాం" అని చూపే మూడు మాదిరి జవాబులు, ఆ తర్వాత బస్సు తాజా సమాచారం, ఇంతవరకు జరిగిన సంభాషణ, చివరగా ప్రశ్న. వీటన్నిటినీ కలిపి కుట్టిన పాఠాన్నే ప్రాంప్ట్ అంటాం. అందులో ప్రయాణికుల ఫోను నంబర్లు, టికెట్టు నంబర్లు ఉంటాయి కాబట్టి పూర్తి ప్రాంప్ట్‌ను మేము లాగ్‌లో దాచం. ఇది మంచి నియమమే. కానీ ఆ రాత్రి దానివల్ల నా కళ్లకు గంత కట్టినట్టయింది. సూచనలూ, ప్రశ్నా, జవాబూ కనిపిస్తున్నాయి. మధ్యలో ఉన్నది కనిపించడం లేదు.

మాదిరి జవాబులు మా కోడ్‌తోపాటు ఉన్న ఫైలులోవే అయి ఉంటాయనుకుని, వాటితో ప్రాంప్ట్‌ను చేత్తో కుట్టి మోడల్‌కు పంపాను. శుభ్రమైన వచనం వచ్చింది. పదిసార్లు పంపాను, పదిసార్లూ వచనమే. అసలు బాట్ మాత్రం పక్క కిటికీలో ప్రాసలు కడుతూనే ఉంది. ఆ ఫైలు పరీక్షల కోసం ఉంచినదని, అసలు మాదిరులు డేటాబేస్ నుంచి వస్తాయని నాకు తెలియనిది కాదు. కంగారులో ఆ ముక్క గుర్తుకు రాలేదు.

అప్పుడు ప్రశ్న మార్చుకున్నాను. ఏమి మారిందో తెలియకపోతే, ఎప్పుడు మారిందో పట్టుకోవాలి. మొదటి ప్రాస జవాబు ఏ నిమిషంలో వచ్చిందో తెలిస్తే, ఆ నిమిషానికి ముందు ఏమి జరిగిందో వెతకవచ్చు. ఆ రాత్రి వచ్చిన జవాబుల్లో ప్రాస ఉన్నవాటిని ఏరడానికి చిన్న ప్రోగ్రాం రాశాను. వరుసగా వచ్చే రెండు పాదాల చివరి అక్షరం ఒకటే అయితే ప్రాస ఉన్నట్టు లెక్క. తెలుగులో "డు" అనేది చూడటానికి ఒక అక్షరమే అయినా కంప్యూటర్‌కు రెండు గుర్తులు, "డ" ఒకటి, కొమ్ము ఒకటి. కాబట్టి గుర్తులను కాకుండా అక్షరాలను పోల్చేలా రాశాను.

పరుగు పెట్టించగానే అది సాయంత్రం ఆరు గంటల జవాబులను కూడా ప్రాస అని పట్టుకుంది. అంతకుముందు రోజువి చూపిస్తే వాటిలోనూ చాలా పట్టుకుంది. ఒకటి తెరిచి చదివాను: "మీ బస్సు బయలుదేరింది. ఎల్బీ నగర్ దాటింది. 10:45కి చౌటుప్పల్ చేరుతుంది." ఇందులో ప్రాస కట్టాలని ఎవరూ అనుకోలేదు. తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది, క్రియలు చాలావరకు "ది"తోనో "ండి"తోనో "రు"తోనో ముగుస్తాయి. మామూలు వచనం కూడా అక్షరాల లెక్కలో ప్రాసలాగే కనిపిస్తుంది. క్రియ వాక్యం మధ్యలో వచ్చే భాషల కోసం రాసిన చిట్కా మన భాషకు పనికిరాదని అప్పుడు బాగా తెలిసింది.

అందుకే నియమం మార్చాను. రెండు పాదాలూ ఆ మామూలు క్రియా ప్రత్యయాలతోనే ముగిస్తే లెక్కలోకి తీసుకోవద్దు. నామవాచకాలు, విశేషణాలు, సంఖ్యలు చివర కలిస్తేనే తీసుకోవాలి. దానితోపాటు రెండు పాదాల పొడవు ఇంచుమించు సమానంగా ఉండాలి. దారి, సవారి దొరికాయి. దాటింది, చేరుతుంది వదిలేసింది. కొన్ని అసలు ప్రాసలు కూడా జారిపోయి ఉంటాయి, కానీ మొదలైన సమయం పట్టుకోవడానికి అది సరిపోయింది. మొదటి ప్రాస జవాబు 11:43కి వచ్చింది. 11:42 వరకు ఒక్కటీ లేదు. మధ్యలో మెల్లగా పెరగడం కూడా లేదు. గోడ కట్టినట్టు అటువైపు వచనం, ఇటువైపు ప్రాస.

11:42 అంటే నాకు వెంటనే తెలిసింది. ప్రతి రాత్రి 11:30కి మాదిరి జవాబుల సూచికను కొత్తగా కట్టే పని ఒకటి మొదలవుతుంది. పన్నెండు నిమిషాలు పడుతుంది. లాగ్ తెరిస్తే "విజయవంతంగా ముగిసింది, 11:42" అని ఆకుపచ్చ అక్షరాల్లో ఉంది.

ఇక ఆలస్యం చేయలేదు. నా సొంత పరీక్ష సెషన్‌కు మాత్రమే పూర్తి ప్రాంప్ట్ ముద్రించేలా ఒక మీట పెట్టి, "బస్సు ఎక్కడ ఉంది" అని అడిగాను. తెర మీదికి వచ్చిన పాఠంలో సూచనల కింద మూడు మాదిరి జవాబులు కనిపించాయి. మూడూ గేయాలే. మొదటిదాంట్లో బస్సు చక్రాలు, రెండోదాంట్లో కిటికీ పక్క సీటు, మూడోదాంట్లో అమ్మమ్మ ఊరు.

మర్నాడు నవంబరు 14, బాలల దినోత్సవం. పిల్లల పేజీ కోసం ప్రచార విభాగంవాళ్లు ఆ సాయంత్రం గేయ రూపంలో జవాబులు రాసి డేటాబేస్‌లో పెట్టారు. వాళ్లు అన్నీ సరిగ్గానే చేశారు. ప్రతి వరుసలో `active=false` అని ఉంది. పిల్లల పేజీ తెరిచేదాకా అవి ఎవరికీ కనిపించకూడదు. మరి ఎలా కనిపించాయి? మాదిరులను ఎంచే ఫంక్షన్ తెరిచాను. ఎనిమిది నెలల క్రితం నేనే రాసినది.

```python
def pick_examples(q_vec, k=3):
    hits = index.search(q_vec, k=k, min_score=0.75)
    if not hits:
        return db.latest_examples(limit=k)
    return hits
```

ప్రశ్నకు దగ్గరగా ఉన్న మాదిరులను సూచికలో వెతుకుతుంది. పోలిక 0.75 దాటినవి దొరికితే అవే ఇస్తుంది. ఏదీ దొరకకపోతే, ఉత్త చేతులతో పంపడం ఎందుకని డేటాబేస్‌లో అన్నిటికంటే కొత్తవి మూడు తెచ్చి ఇస్తుంది. సూచిక కట్టేటప్పుడు `active` చూస్తాం. ఈ ప్రత్యామ్నాయ దారిలో చూడటం లేదు. ఇన్ని నెలలూ ఆ దారిలోకి వెళ్లాల్సిన అవసరం చాలా అరుదుగా వచ్చింది. వెళ్లినప్పుడు కూడా కొత్తగా చేర్చినవి మామూలు జవాబులే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

మూడు మాదిరులు స్పష్టమైన సూచనను ఎలా ఓడించాయని అడగవచ్చు. నేను ఈ పనిలో మళ్లీ మళ్లీ చూసిన సంగతి ఇది: మోడల్‌కు "ఇలా రాయి" అని చెప్పే వాక్యం కంటే, రాసి చూపించిన ఉదాహరణ ఎక్కువ బలంగా పనిచేస్తుంది. పైగా మూడూ ఒకే అచ్చులో ఉంటే, నాలుగోది కూడా ఆ అచ్చులోనే రావాలని అది గ్రహిస్తుంది. "స్పష్టంగా" అన్న మాట గేయానికి అడ్డు కాదు. "వచనంలో రాయి, గేయంగా వద్దు" అని మేము ఎక్కడా చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం వస్తుందని అనుకోలేదు.

ఇంకొక ముడి మిగిలింది. "బస్సు ఎక్కడ ఉంది" అన్నది మాకు రోజూ వచ్చే ప్రశ్న. దానికి సరిపోయే మాదిరులు సూచికలో ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ 0.75 దాటకపోవడం ఏమిటి? సూచికలో వాక్యాలను వాక్యాలుగా దాచం. ఒక చిన్న మోడల్ ప్రతి వాక్యాన్ని 768 సంఖ్యల వరుసగా, అంటే వెక్టర్‌గా మారుస్తుంది. అర్థం దగ్గరగా ఉన్న వాక్యాల వెక్టర్లు ఒకే దిక్కుకు చూస్తాయి, పోలిక 1కి దగ్గరగా వస్తుంది. ఒక వాక్యాన్ని దానితోనే పోలిస్తే కచ్చితంగా 1 రావాలి. కాబట్టి సూచికలో అక్షరం పొల్లు పోకుండా ఉన్న వాక్యాన్నే తీసుకుని, సర్వర్ ఇచ్చే వెక్టర్‌తో పోల్చాను.

```python
a = service.embed("బస్సు ఎక్కడ ఉంది")
b = index.vector_of("బస్సు ఎక్కడ ఉంది")
print(cosine(a, b))   # 0.04
```

0.04. ఒకే వాక్యం, తనను తాను గుర్తుపట్టడం లేదు. ఆ సంఖ్య చూసినప్పుడు కుర్చీలో ముందుకు వంగాను. సంబంధం లేని రెండు దిక్కులను పోలిస్తే వచ్చే విలువ అది. అంటే సూచికలోని వెక్టర్లను తయారుచేసిన మోడల్ వేరు, ప్రశ్నకు వెక్టర్ తయారుచేస్తున్న మోడల్ వేరు.

కారణం ఆకృతీకరణ ఫైలులో ఒక్క పదంలో దొరికింది. రెండు చోట్లా ఆ మోడల్ పేరు చివర `latest`, అంటే తాజాది, అని ఉంది. ఆ సాయంత్రం మరో బృందం మోడల్‌ను మెరుగుపరిచి, కొత్త రూపాన్ని అదే పేరుతో నిల్వలో ఉంచింది. రాత్రి పని ప్రతిసారీ కొత్తగా మొదలవుతుంది కాబట్టి కొత్త మోడల్‌ను తెచ్చుకుంది. జవాబులిచ్చే సర్వర్ పదకొండు రోజులుగా ఆగకుండా నడుస్తోంది, దాని జ్ఞాపకంలో పాత మోడలే ఉంది. పేరు ఒకటే, మనుషులు ఇద్దరు. కొత్త మోడల్ వెక్టర్లో 800 సంఖ్యలో, 1024 సంఖ్యలో ఉండి ఉంటే పొడవు కుదరక అప్పుడే లోపం అని అరిచేది. రెండింటిలోనూ 768 ఉండటంతో లెక్కలన్నీ సజావుగా జరిగాయి, ఫలితాలకు మాత్రం అర్థం లేదు. పర్యవేక్షణ తెర మీద వేగం బాగుంది, లోపాల సంఖ్య సున్నా. మాదిరి పోలిక విలువను మేము ఎక్కడా గీతగా గీయలేదు. గీసి ఉంటే 11:42 దగ్గర అది బావిలో పడినట్టు కనిపించేది.

2:35కి మా బృందం పెద్దకు ఫోను చేసి నిద్రలేపాను. విషయం విని, "సర్వర్‌ను ఒకసారి ఆపి మొదలుపెట్టండి, అదీ కొత్త మోడల్ తెచ్చుకుంటుంది, రెండూ కలుస్తాయి" అన్నారు. చూడటానికి ఒక్క నిమిషం పని. నా వేలు మీట మీదికి వెళ్లింది కూడా. కానీ మాకు సూచికలు రెండు. మాదిరి జవాబులది ఒకటి, రద్దు నిబంధనలూ సామాను నిబంధనలూ ఉన్నది ఇంకొకటి. రెండోదాన్ని వారానికి ఒకసారి, ఆదివారమే కడతాం. అది పాత మోడల్‌తో కట్టినది. సర్వర్ కొత్త మోడల్‌కు మారితే మాదిరులు బాగుపడతాయి, నిబంధనలు తెగిపోతాయి. అప్పుడు బాట్ చక్కని వచనంలో, నిబంధన చేతిలో లేకుండా, డబ్బు గురించి ఊహించి చెబుతుంది. ప్రాసలో ఉన్నంతసేపూ ఏదో తేడాగా ఉందని ప్రయాణికుడికి తెలుస్తుంది. వచనంలో ఊహిస్తే ఎవరికీ తెలియదు.

"సర్, అలా చేస్తే నిబంధనల సూచిక పోతుంది. అంతకుముందు రాత్రి కట్టిన మాదిరి సూచిక నకలు ఉంది. దాన్ని వెనక్కి పెడతాను. మోడల్ పేరులో `latest` తీసేసి కచ్చితమైన రూపం సంఖ్య రాస్తాను" అన్నాను. ఆయన కాసేపు ఆగి, "నువ్వు చెప్పిందే సరైనదమ్మా, అలాగే చేయి. నేను లైనులోనే ఉంటాను" అన్నారు.

నకలు వెనక్కి రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అదే వాక్యాన్ని దానితోనే మళ్లీ పోల్చాను. ఈసారి 1.0. ప్రత్యామ్నాయ దారిలో `active` పరీక్ష చేర్చాను. దగ్గరి మాదిరి దొరకకపోతే ఏ మాదిరీ లేకుండానే పంపాలని మార్చాను. మూడు అనవసరమైన ఉదాహరణల కంటే ఖాళీ నయం. కొత్త సెషన్‌లో అడిగాను. "మీ బస్సు ప్రస్తుతం కోదాడ దాటింది" అని మామూలుగా, హాయిగా చెప్పింది.

సపోర్టు ఆవిడకు చెప్పాను. మూడు నిమిషాలకు ఆవిడే మళ్లీ చేశారు. "ఇంకా పాడుతూనే ఉందమ్మా."

ఆవిడ చెప్పింది నిజమే. మరమ్మతు తర్వాత కూడా రెండు చోట్ల ప్రాస మిగిలింది. మొదటిది కాష్. తరచూ వచ్చే ప్రశ్నలకు ప్రతిసారీ మోడల్‌ను అడగకుండా, అంతకుముందు ఇచ్చిన జవాబునే ఆరు గంటలపాటు దాచి ఇస్తాం. 11:43 తర్వాత దాచిన జవాబుల్లో గేయాలు ఉన్నాయి. ఇలా వదిలేస్తే తెల్లవారాక ఎనిమిదిన్నర దాటేవరకు వస్తూనే ఉంటాయి. 11:42 తర్వాత దాచినవన్నీ తుడిచేశాను.

రెండోది నేను ఊహించనిది. మధ్యలో ఉన్న పాత సంభాషణలు మాత్రం ప్రాసలోనే సాగుతున్నాయి. మాదిరులు బాగున్నాయి, కాష్ ఖాళీ, అయినా ప్రాసే. సంభాషణలో బాట్ అంతకుముందు ఇచ్చిన జవాబులు కూడా ప్రాంప్ట్‌లో భాగమే కదా. తాను నాలుగు గేయాలు చెప్పినట్టు అక్కడ రాసి ఉంటే, ఐదోది కూడా గేయమే కావాలని మోడల్ అనుకుంటుంది. తన పాత మాటలే దానికి మాదిరి అయ్యాయి. ఆ సమయానికి తెరిచి ఉన్న సెషన్లు 63. వాటిని మూసేస్తే ప్రయాణికులు చెప్పినదంతా మళ్లీ చెప్పుకోవాలి. అందుకే ప్రయాణికుల మాటలు అలాగే ఉంచి, 11:42 తర్వాత బాట్ అన్న మాటలను మాత్రం చరిత్ర నుంచి తీసేశాను. ఆ తర్వాత అవి కూడా దారికి వచ్చాయి. అప్పటికి 3:25.

తుడిచేముందు కాష్‌లోని జవాబులను ఒక ఫైలులోకి తీసి పెట్టుకున్నాను. టీ తెచ్చుకుని, ఒక్కొక్కటి చదవడం మొదలుపెట్టాను. సమాచారం వదిలేసినవి చాలా ఉన్నాయి, అది అప్పటికే తెలుసు. పదిహేనోదో పదహారోదో చదువుతుండగా చేయి ఆగింది. టికెట్టు రద్దు చేసుకున్న ఒకరికి ఇచ్చిన జవాబు:

"టికెట్టు రద్దయింది నేడు,
డబ్బు వచ్చే పనిదినాలు ఏడు."

మా నిబంధన ప్రకారం ఐదు పనిదినాలు. ఆ ప్రశ్నకు నిబంధనల సూచిక నుంచి "5 పనిదినాలు" అన్న వాక్యం సరిగ్గానే వెళ్లింది. మోడల్ పాఠాన్ని ముక్క తర్వాత ముక్కగా, ముందుకే రాసుకుంటూ పోతుంది. రాసిన పాదాన్ని వెనక్కి వెళ్లి దిద్దదు. మొదటి పాదాన్ని "నేడు" అని ముగించాక, రెండో పాదం చివర దానికి అతికే పదం కావాలి. "ఐదు" అతకదు. ఒకటి నుంచి పది వరకు అంకెల్లో "నేడు"కు చక్కగా అతికేవి మూడు, ఏడు మాత్రమే. అది ఏడును ఎంచుకుంది. మొదటి పాదం "లేదు" అనో "కాదు" అనో ముగిసి ఉంటే ఐదు నిలిచేదేమో. ఒక కుటుంబానికి డబ్బు ఎప్పుడు వస్తుందన్న సంగతి, అంతకుముందు పాదం ఏ అక్షరంతో ముగిసిందన్న దాని మీద ఆధారపడింది.

ఆ జవాబు కాష్‌లో ఉంది కాబట్టి ఒకరికి కాదు, అదే ప్రశ్న వేసిన తొమ్మిది మందికి వెళ్లింది. ఇంకొక గేయంలో రెండు సంచులు "మూడు" అయ్యాయి. మిగిలినవాటిలో కూడా పాదం చివర అంకె ఉన్న ప్రతి జవాబునూ అసలు సమాచారంతో పక్కపక్కన పెట్టి చూశాను. పాదం మధ్యలో ఉన్న అంకెలు ఒక్కటీ తప్పలేదు. తప్పినవన్నీ చివరి పదాలే.

5:10కి సపోర్టు ఆవిడ నా గదికి వచ్చారు. ఫైలులోని పేర్ల జాబితా ఇద్దరం కలిసి చూశాం. తొమ్మిది మందికీ పంపాల్సిన సందేశాన్ని నేను రాస్తే ఆవిడ దిద్దారు. "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని నేను మొదలుపెట్టిన వాక్యాన్ని కొట్టేసి, "ముందు డబ్బు సంగతి చెప్పమ్మా, తర్వాత క్షమాపణ అడుగుదాం" అన్నారు. చివరికి వెళ్లిన సందేశం ఇది: "మీ టికెట్టు డబ్బు 5 పనిదినాల్లో మీ ఖాతాకు వస్తుంది. రాత్రి మా చాట్‌లో 7 అని తప్పుగా చెప్పాం, క్షమించండి."

సంచుల సంగతి అడిగినాయన ఏడింటి బస్సు ఎక్కాలి. ఆయనకు మాత్రం ఫోను చేద్దామని ఆవిడ రిసీవర్ తీసుకున్నారు. నంబరు నొక్కుతూ, "సూర్యాపేట అమ్మాయి 1:24కి బస్సు ఎక్కిందట. పిల్లలు పడుకున్నారని మెసేజ్ పెట్టింది" అన్నారు.